మెయిల్ డ్రాఫ్ట్: రాసినంతవరకే సరిచేశాను

అక్కా,

గ్రంథాలయం కార్యదర్శి గారికి పంపాల్సిన మెయిల్ కింద పేస్ట్ చేస్తున్నా. ఇంకా పూర్తి కాలేదు. మా సర్వర్ టీం నుంచి ఒక జవాబు రావాలి. అది వచ్చేలోపు రాసినంతవరకు భాష కాస్త సరిచేసి పెట్టు. ఆయన తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. కంప్యూటర్ మాటలు పెద్దగా తెలియవు కానీ వాక్యం తప్పుగా ఉంటే మాత్రం ఊరుకోరు. మిగతాది నేనే రాసుకుంటా.

---

గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారములు,

మీరు కుశలమని తలుస్తాను. ఈ మెయిల్ ద్వారా మీకు తెలియజేయునది ఏమనగా మన గ్రంథాలయం వెబ్‌సైట్‌ని ప్రస్తుతం ఉన్న పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మార్చడం జరుగుతుంది. ఈ మార్పు చేయడం అనేది వచ్చే శనివారం రాత్రి 11 గంటలకు మొదలుపెట్టడం జరుగుతుంది. పాత సర్వర్ సామర్థ్యం సరిపోక పుస్తకాల జాబితాలో వెతికేటప్పుడు చాలా ఆలస్యం అవుతోందని మీరు కూడా చాలాసార్లు చెప్పారు కదా అందుకని.

వెబ్‌సైట్ పేరు ఏమీ మారదు అదే ఉంటుంది. కాకపోతే ఆ పేరు ఏ సర్వర్‌ని చూపించాలో DNS లో మారుస్తాం, ఇప్పుడు TTL 86400 ఉంది, అంటే ఒకసారి అడ్రస్ తెలుసుకున్నవాళ్ళు 24 గంటల వరకు మళ్ళీ అడగకుండా అదే గుర్తుపెట్టుకుంటారు, కాబట్టి మార్చిన వెంటనే అందరికీ కొత్తది కనబడదు, అందుకని మేము దానిని గురువారం నాడే 300 కి తగ్గించడం జరుగుతుంది, అప్పుడు 5 నిమిషాలలో మారిపోతుంది. అయినా కూడా కొంతమందికి ఒకటి రెండు రోజులు పాతదే కనబడవచ్చు ఎందుకంటే కొన్ని సర్వర్లు ఈ TTL ని పట్టించుకోవు. అందుకని పాత సర్వర్‌ని వెంటనే ఆపకుండా ఒక వారం ఉంచుతాం.

మీ ఈమెయిల్స్‌కి ఏ ఇబ్బంది ఉండదు. ఈమెయిల్స్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే MX రికార్డులు మార్చటం లేదు కాబట్టి ఈమెయిల్స్ అనేవి ఎప్పటిలాగే వస్తాయి.

పుస్తకాల జాబితా, సభ్యుల వివరాలు అన్నీ శనివారం రాత్రి కాపీ చేయబడతాయి. కాపీ అయ్యేవరకు వెబ్‌సైట్ అనేది చూడటానికి మాత్రమే పనిచేస్తుంది. అయితే ఆ ఒకటి రెండు రోజులలో పాత సర్వర్‌కే వెళ్ళేవాళ్ళు ఎవరైనా కొత్తగా సభ్యత్వం నమోదు చేసుకుంటే ఆ వివరాలు మాత్రం...

---

తమ్ముడూ,

దిద్దింది ఇదిగో. నువ్వు ఆపిన చోటే నేనూ ఆపాను.

---

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నమస్కారం. మీరు కుశలమని తలుస్తాను.

మీ గ్రంథాలయం వెబ్‌సైట్‌ను ఇప్పుడున్న పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు మారుస్తున్నాం. ఈ పని వచ్చే శనివారం రాత్రి 11 గంటలకు మొదలుపెడతాం. పాత సర్వర్ సామర్థ్యం చాలక, పుస్తకాల జాబితాలో వెతికేటప్పుడు చాలా ఆలస్యమవుతోంది. ఈ సంగతి మీరు కూడా చాలాసార్లు చెప్పారు. అందుకే ఈ మార్పు.

వెబ్‌సైట్ పేరు మారదు. ఆ పేరు ఏ సర్వర్‌ను చూపించాలన్నది మాత్రం DNS లో మారుస్తాం. ఇప్పుడు అక్కడ TTL 86400 సెకన్లు ఉంది. అంటే ఒకసారి అడ్రస్ తెలుసుకున్నవారు 24 గంటల వరకు మళ్ళీ అడగకుండా దాన్నే గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి మార్చిన వెంటనే అందరికీ కొత్త సర్వర్ కనబడదు. ఈ ఇబ్బంది లేకుండా TTL ను గురువారమే 300 సెకన్లకు తగ్గిస్తాం. అప్పుడు 5 నిమిషాల్లో మారిపోతుంది. కొన్ని సర్వర్లు TTL ను పట్టించుకోవు కాబట్టి, అయినా కొంతమందికి ఒకటి రెండు రోజులు పాతదే కనబడవచ్చు. అందుకే పాత సర్వర్‌ను వెంటనే ఆపకుండా ఒక వారం ఉంచుతాం.

మీ ఈమెయిల్స్‌కు ఏ ఇబ్బందీ ఉండదు. ఈమెయిల్స్ ఏ సర్వర్‌కు వెళ్ళాలో చెప్పే MX రికార్డులు మార్చడం లేదు కాబట్టి అవి ఎప్పటిలాగే వస్తాయి.

పుస్తకాల జాబితా, సభ్యుల వివరాలు అన్నీ శనివారం రాత్రి కాపీ చేస్తాం. కాపీ పూర్తయ్యేవరకు వెబ్‌సైట్ చూడటానికి మాత్రమే పనిచేస్తుంది. అయితే ఆ ఒకటి రెండు రోజుల్లో పాత సర్వర్‌కే వెళ్ళేవారు ఎవరైనా కొత్తగా సభ్యత్వం నమోదు చేసుకుంటే, ఆ వివరాలు మాత్రం...

---

ఇక ఏం చేశానో, ఏం చేయలేదో చెబుతా.

భాషలో నీ జబ్బు ఒక్కటే: "జరుగుతుంది". మొదటి రెండు పేరాల్లోనే మూడుసార్లు వచ్చింది. చేసేది మీరే అయినప్పుడు "మారుస్తున్నాం", "తగ్గిస్తాం" అనడానికి మొహమాటం ఎందుకు? ఆ మూడింటిలో ఒకచోట "మేము దానిని తగ్గించడం జరుగుతుంది" అని కూడా రాశావు. ఆ వాక్యానికి కర్త ఒక దారిన, క్రియ ఒక దారిన పోయాయి. మాస్టారు గారు ముందు పట్టుకునేది దాన్నే. "చేయబడతాయి", "అనేది", "అనేవి" కూడా అదే బాపతు, తీసేశాను. "తెలియజేయునది ఏమనగా" పోయింది. "కుశలమని తలుస్తాను" మాత్రం ఉంచాను. పాతకాలపు పలకరింపే, కానీ ఆయన వయసుకు బాగుంటుంది.

TTL వాక్యం ఊపిరాడకుండా సాగింది. దాన్ని ముక్కలు చేశాను, వరుస మార్చలేదు. "ఈ ఇబ్బంది లేకుండా" అన్నది వాక్యాలు అతకడానికి పెట్టిన మాట. నీ "అందుకని" చేసే పనే అదీ చేస్తుంది.

విషయంలో నేను చేర్చింది ఒక్క "సెకన్లు" మాత్రమే. 86400 పక్కన 24 గంటలని, 300 పక్కన 5 నిమిషాలని నువ్వే రాశావు. రెండు లెక్కలూ సెకన్లకే సరిపోతాయి కాబట్టి అది నా ఊహ కాదు. ఆ మాట లేకపోతే ఎనభై ఆరువేలు ఏమిటో ఆయనకు అంతుపట్టదు.

చేర్చాలనిపించి కూడా చేర్చనిది ఒకటుంది. శనివారం మార్పుకి గురువారమే ఎందుకు తగ్గించాలి? పాత 24 గంటల లెక్కతో అడ్రస్ గుర్తుపెట్టుకున్నవాళ్ళకి ఆ గడువు ముందే తీరిపోవాలి, లేకపోతే తగ్గించీ ప్రయోజనం లేదు. నాకు అర్థమైనంతవరకు కారణం అదే. కానీ డ్రాఫ్టులో ఆ వాక్యం లేదు. ఆయనకి అంత వివరం అక్కర్లేదని నువ్వే వదిలేశావేమో. కావాలనుకుంటే రాసి పంపు, దిద్దుతా.

"మన గ్రంథాలయం" అని మొదలుపెట్టి, కింద "మీ ఈమెయిల్స్" అన్నావు. ఏదో ఒకటి ఉండాలి కాబట్టి పైన కూడా "మీ" చేశాను. నువ్వు అక్కడ సభ్యుడివైతే "మన" తిరిగి పెట్టుకో. అప్పుడు "మీ ఈమెయిల్స్" దగ్గర కూడా ఒకసారి చూసుకో.

"అడ్రస్ తెలుసుకున్నవారు" అలాగే వదిలేశాను కానీ అది నాకు నచ్చలేదు. చదివితే మనుషులు కూర్చుని అడ్రస్ కంఠస్థం చేస్తున్నట్టుంది. ఆయన "నేనేమీ గుర్తుపెట్టుకోలేదే" అని ఫోన్ చేసినా చేస్తారు. గుర్తుపెట్టుకునేది చూసేవాళ్ళ కంప్యూటరా, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళ సర్వరా, రెండూనా? ఏ మాట పెట్టాలో నువ్వు చెప్పాలి.

"వచ్చే శనివారం" కూడా ముట్టుకోలేదు. మెయిల్ ఏ రోజు వెళ్తుందో నాకు తెలియదు. శుక్రవారం పంపితే రేపా, ఆ పై వారమా అని ఆయన తికమకపడతారు. పైగా అప్పటికి గురువారం దాటిపోయి ఉంటుంది. పంపే ముందు తేదీ వేయి.

ఇప్పుడు ఆ చివరి వాక్యం. "ఆ వివరాలు మాత్రం" తర్వాత ఏం వస్తుందో వాక్యం నడకను బట్టి పూర్తిచేయడం కష్టం కాదు. అందుకే చేయలేదు. "పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి, కొత్తదానికి రావు" అని రాయొచ్చు. "మేమే తర్వాత కొత్త సర్వర్‌లో చేరుస్తాం" అని రాయొచ్చు. "నమోదు కావు, పాతదాంట్లో ఆ ఫారం ఆపేస్తాం" అనీ రాయొచ్చు. మూడూ వ్యాకరణానికి ఒప్పుతాయి, మూడూ నీ ధోరణిలోనే ఉంటాయి. కానీ మొదటిది హెచ్చరిక, రెండోది మీరు ఇచ్చే మాట, మూడోది మీరు తీసుకున్న నిర్ణయం. వాటిలో ఏది నిజమో మీ సర్వర్ టీం చెప్పాలి. నేను నున్నగా రాసిపెడితే నువ్వు తొందరలో దాన్నే పంపేస్తావు. రేపు సభ్యత్వం తీసుకున్నవాళ్ళ పేరు జాబితాలో లేకపోతే కార్యదర్శి గారు ఆ మెయిల్ ప్రింటు తీసి చూపిస్తారు. "మాత్రం" అన్న మాట కూడా ఉంచాను. అది ఉందంటే చెప్పబోయేది అంత మంచి కబురు కాదని అనిపిస్తుంది. మంచి కబురే అయితే అప్పుడు తీసేద్దువు గానీ.

వాళ్ళని అడిగేటప్పుడు ఇంకో సంగతి కూడా అడుగు. కాపీ పూర్తయ్యేవరకు సైట్ చూడటానికి మాత్రమే అన్నావు. కాపీ అయిపోయాక పాత సర్వర్‌లో మళ్ళీ రాయడానికి వీలవుతుందా? అవుతుందన్నట్టుగా నీ చివరి వాక్యం మొదలైంది. కాదంటే ఆ వాక్యమే అక్కర్లేదు. పాత సర్వర్‌ను ఉంచే ఆ వారమంతా చూడటానికి మాత్రమే అని మార్చుకుంటే సరి. అది కూడా నేను తేల్చేది కాదు.

సబ్జెక్ట్ లైన్ లేదు, ముగింపు లేదు, కింద పేరూ లేదు. నువ్వు పేస్ట్ చేయలేదు కాబట్టి నేనూ పెట్టలేదు.

జవాబు వచ్చాక చివరి పేరా ఒక్కటే పంపు. పైవాటిలో ఏమైనా మార్చి ఉంటే ఆ వాక్యాలు విడిగా పెట్టు. మొత్తం మళ్ళీ పేస్ట్ చేయకు, నీ పాత కాపీలోని "జరుగుతుంది"లు తిరిగొస్తాయి. గురువారం లోపే పంపాల్సిన మెయిల్ కాబట్టి, వాళ్ళ జవాబు బుధవారం సాయంత్రానికీ రాకపోతే ఫోన్ చెయ్యి. "అయితే" దగ్గర కత్తిరించి మిగతాది పంపొచ్చా లేదా చూద్దాం.

అక్క