ఆసు పొయ్యవె అక్కా

(ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం సభ కోసం. పాడేది అయిదుగురు, డప్పు ఒకటి, హార్మోనియం ఒకటి. మాట చెప్పే ఆమె పాటలో గొంతు కలపదు. తెర లేచినప్పటి నుంచి వేదిక ఎడమ పక్కన, చీర నూలును మేకుల చుట్టూ పోసే ఆసు ముందు కూర్చుని చెయ్యి ఆడిస్తూనే ఉంటుంది. పాట నడుస్తున్నంత సేపు ఆమె మీద లైటు వెయ్యొద్దు.)

పల్లవి

ఆసు పొయ్యవె అక్కా నువ్వూ ఆసు పొయ్యవె
ఆకసానా తెల్లమబ్బును ఆసు పొయ్యవె
పోచంపల్లీ పొద్దుపొడుపును ఆసు పొయ్యవె
పెండ్లిపిల్లకు పెట్టు చీరకు ఆసు పొయ్యవె

చరణం 1 (ఒక గొంతు, "దారం" అన్నచోట మాత్రం అందరూ)

వెన్నెలంతా విప్పినట్టూ తెల్లదారం
మల్లెపూలా వానజల్లూ సన్నదారం
కండె నుంచీ కదిలివచ్చే కన్నెదారం
మేకుమేకుకు మొక్కులిడుతూ మెలిగె దారం
॥ఆసు పొయ్యవె॥

చరణం 2 (డప్పు జోరు పెరగాలి. ఎంత హుషారుగా పాడితే తర్వాత వచ్చే మాటకు అంత బలం.)

ముడులు గట్టీ ముంచి తీస్తే మోదుగెరుపు
ముడులు విప్పీ ఆరబెడితే మొగలి తెలుపు
మగ్గమెక్కీ మలుపు తిరిగే ఏనుగడుగు
మడత విప్పితె కొంగు మీదా చిలుక పలుకు
॥ఆసు పొయ్యవె॥

(రెండో చరణం తర్వాత వచ్చే పల్లవి "పెండ్లిపిల్లకు పెట్టు" దగ్గరే తెగిపోవాలి, "చీరకు" అనొద్దు. డప్పు ఠక్కున ఆగుతుంది. హార్మోనియం కూడా వద్దు, శ్రుతి ఉంటే మాట రాగంలోకి జారుతుంది. లైటు ఆసు మీదికి.)

మాట (ఇంట్లో మాట్లాడినట్టు. ఏడుపు గొంతు వద్దేవద్దు, అంగట్లో లెక్క చెప్పినట్టు చాలు. చెయ్యి ఆగొద్దు.)

ఆపిన్రా? మంచిగనే పాడిన్రు. జర నా లెక్క గూడ ఇనుండ్రి.

ఈ మేకు కాడికెల్లి గా మేకు కాడికి. మల్ల ఇటు. గింతే పని. ఒక్క చీరకు 9 వేల సార్లు.

కోడి కూతకు లేసి, వాకిలూడ్చి కూసుంటే ఒక్క చీర అయ్యేటాల్లకు నాలుగైదు గంటలు. దినాం రెండు చీరలు. అంటే 18 వేలు. నేను బడికి పోలే గని, గీ ఎక్కం మాత్రం వస్తది నాకు.

ముందుగాల రెట్ట గుంజుతది. ఎనక భుజం. ఒకనాడు తల దువ్వుకుందామంటే చెయ్యి లేవకపాయె. నా బిడ్డనే దువ్వి జడేసింది. డాక్టరు కాడికి పోతే, "చేతికి రెస్టియ్యమ్మా" అన్నడు. గట్లనే సారూ అన్న. ఇంటికొచ్చి మల్ల ఆసు ముందట్నే కూసున్న. చీర చెప్పినోళ్ల పెండ్లి దగ్గరికొచ్చింది మరి. ముహూర్తం నా భుజాన్ని అడిగి పెట్టుకుంటరా?

ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం అని, వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఆసుకు మిషన్ చేసిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. సల్లగుండాలె. మా ఇంట్లకు గూడ మిషన్ వచ్చింది. బటన్ ఒత్తితే అదే పోస్తది, గంటన్నరల చీర.

ఇప్పుడు చెయ్యికి పనేం లేదు. గని రాత్రి నిద్రల గూడ అటూ ఇటూ తిరుగుతనే ఉంటదట. మా ఆయన చెప్పిండు. పట్టుకుంటే ఆగుతదట. వదిలితే మల్ల మొదలు.

(ఇక్కడ ఆమె ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుంటుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఏ చప్పుడూ ఉండొద్దు. సభలో ఎవరైనా చప్పట్లు కొట్టినా గాయకులు తొందరపడొద్దు.)

చరణం 3 (డప్పు తాళం లేకుండా, అందరూ ఒకే స్థాయిలో, నెమ్మదిగా. ప్రతి "చెయ్యి ఎత్తు"కు డప్పు మీద ఒక్క దెబ్బ. దీని తర్వాత పల్లవి లేదు.)

చీర కట్టిన చిన్నదానా చెయ్యి ఎత్తు
సిగన పూలూ తురుముకోనూ చెయ్యి ఎత్తు
తలలనిండా తలంబ్రాలకు చెయ్యి ఎత్తు
తల్లిగారికి టాటా చెప్పగ చెయ్యి ఎత్తు
అంత ఎత్తుకు లేవలేనీ చెయ్యి పోసిన
ఆసు చీరను భుజము మీదా సర్దుకోవె