పచ్చడిని తిట్టండి, మనిషిని వద్దు: మన పేజీ నియమాలు

మొదటి భాగం: పేజీ పైన పిన్ చేసి ఉంచేది

నమస్కారమండీ. నూజివీడులో మా ఇంటి వెనక షెడ్డులో పెట్టే పచ్చళ్ల పేజీ ఇది. ఇక్కడికి హైదరాబాద్, విశాఖ నుంచీ, డాలస్ నుంచీ కూడా మనవాళ్లు వస్తుంటారు. ఆవకాయ సీజన్‌లో కామెంట్లు బాగా పెరుగుతాయి, వాటితోపాటు గొడవలూ. అందుకే ఇక్కడ ఏది ఉంటుందో, ఏది తీసేస్తామో ముందే చెప్పేస్తున్నాం.

మా పచ్చడి నచ్చకపోతే ఇక్కడే రాయండి. ఉప్పు ఎక్కువైందనీ, ముక్క మెత్తబడిందనీ, పార్సిల్‌లో నూనె కారిందనీ, ఈ రేటు అన్యాయమనీ ఎంత ఘాటుగా రాసినా ఆ కామెంట్ తీయం. బాగా లేదన్న మాట దాచేసి బాగుందన్న మాటలే మిగిల్చితే, ఆ పేజీ చూసి కొనేవాళ్లని మోసం చేసినట్టే. ఫిర్యాదు రాసేటప్పుడు సీసా మీద ఉన్న బ్యాచ్ నంబరు కూడా పెడితే ఏ రోజు పెట్టిన జాడీలోదో వెంటనే తెలుస్తుంది. మా జవాబుతో తృప్తి లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అలా చేస్తానని ఇక్కడ రాసినా మాకేం కోపం రాదు.

మనుషుల జోలికి వెళ్లిన కామెంట్ మాత్రం ఉండదు. వీడియోల్లో కనిపించే మా ప్యాకింగ్ ఆడవాళ్ల రంగు, ఒళ్లు, చీర గురించి ఎవరు రాసినా తీసేస్తాం. "సరదాగా అన్నాను" అన్నా వినం. పొద్దున నుంచి కారం దంచే మనిషి సాయంత్రం తన ఫోన్‌లో ఆ మాటలు చదువుకోవాల్సిన అవసరం లేదు. సాటి కస్టమర్‌ని తిట్టడం, ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి వేధించడం కూడా ఇంతే. రెండోది మా కంటికి కనబడదు కాబట్టి, ఎవరైనా అలా చేస్తే స్క్రీన్‌షాట్ పంపండి.

కులం, మతం, ప్రాంతం పేరుతో దెప్పే కామెంట్లు కూడా ఉంచం. వెల్లుల్లి వేస్తే అది ఆవకాయేనా అని రాత్రంతా వాదించుకోండి, మేమూ చదివి నవ్వుకుంటాం. కానీ ఎవరైనా "తొక్కు బాగుంది" అని రాస్తే, ఆ మాట పట్టుకుని వాళ్ల యాసనీ జిల్లానీ వెక్కిరించడం వాదన కాదు. గోంగూర మటన్ పోస్టు కింద మాంసం తినేవాళ్లని అసహ్యించుకోవడం, ఉల్లి లేని పచ్చళ్ల కింద అవి కొనేవాళ్ల ఆచారాన్ని ఎగతాళి చేయడం రెండూ మాకు ఒకటే. పార్టీల గొడవలకీ హీరోల ఫ్యాన్ వార్‌లకీ వేరే చోట్లు బోలెడున్నాయి.

కాకరకాయ పచ్చడి తింటే షుగర్ తగ్గిందనో, ఉసిరికాయతో ఫలానా జబ్బు పోయిందనో రాయకండి. మీరు మంచి మనసుతోనే రాయొచ్చు. అయినా అది చదివి ఎవరైనా మందు మానేస్తే? ఆహారం జబ్బు నయం చేస్తుందని ప్రకటించుకోకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల్లో కూడా ఉంది. మా పేజీలో అలాంటి మాట ఉంచితే మేమే చెప్పినట్టు అవుతుంది.

మీ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, ఆర్డర్ స్క్రీన్‌షాట్ కామెంట్లలో పెట్టకండి. ఇన్‌బాక్స్‌లో పంపండి. కామెంట్‌లో కనబడితే మేమే తీసేసి మీకు మెసేజ్ చేస్తాం. అది మీ ఫిర్యాదుని దాచడం కాదు. నంబరు లేకుండా అదే ఫిర్యాదు మళ్లీ పెట్టండి, అలాగే ఉంటుంది.

ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. ఎవరైనా పార్సిల్ రాలేదని రాయగానే, మా లోగో పెట్టుకున్న దొంగ ఖాతాలు వచ్చి "రీఫండ్ కోసం ఈ నంబరుకి వాట్సాప్ చేయండి" అని జవాబిస్తున్నాయి. మేము కామెంట్లలో ఎప్పుడూ నంబరు ఇవ్వం. మా నంబరు సీసా లేబుల్ మీద ఉంటుంది, అదొక్కటే. డబ్బు మీ ఖాతాలో పడటానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. ఎవరైనా అలా అడిగారంటే డబ్బు లాగేసుకోవడానికే. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే మాకు చెప్పేలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. అక్కడ ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మా బంధువులు కస్టమర్లలాగా పొగడరు. రాస్తే "మాది ఆ ఇల్లే" అని చెప్పి రాస్తారు. ఉచితంగా సీసా పంపినవాళ్లు వీడియో చేస్తే ఆ సంగతి వీడియోలోనే చెప్పమని అడుగుతాం. వేరే పచ్చళ్ల వాళ్లు వాళ్ల లింకులు ఇక్కడ పెడితే తీసేస్తాం. వాళ్ల మీద కోపం ఉండి కాదు, ఇది మా కొట్టు అరుగు కాబట్టి.

మీ కామెంట్ పొరపాటున తీశాం అనిపిస్తే ఇన్‌బాక్స్‌లో "కామెంట్ గురించి" అని రాయండి. తీసినవాళ్లు కాకుండా ఇంకొకరు చూసి రెండు రోజుల్లో జవాబిస్తారు. మాది తప్పైతే మళ్లీ పెట్టమని అడుగుతాం.

రెండో భాగం: కామెంట్లు చూసే మన ముగ్గురికీ

ఇది బయట పెట్టేది కాదు. పగలు చూసే చెల్లికీ, రాత్రి అమెరికా వాళ్ల కామెంట్లు చూసే తమ్ముడికీ, నాకూ.

అన్నిటికంటే ముందు చూడాల్సింది తిట్లు కావు, ఆరోగ్యం సంగతి. "మూత తీయగానే బుస్సుమంది", "బూజు పట్టింది", "తిన్నాక నోరు వాచింది", "పిల్లాడికి వాంతులు" లాంటి కామెంట్ కనబడితే రాత్రి ఎన్ని గంటలైనా నాకు ఫోన్ చేయండి. దాన్ని హైడ్ చేయడానికి వీల్లేదు, ఎంత భయం వేసినా సరే. కింద ఇలా రాయండి: "అండీ, ఆ పచ్చడి ఇక తినకండి, సీసా పారేయకండి. ఒంట్లో బాగా లేకపోతే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీకు ఇప్పుడే మెసేజ్ పెట్టాం, బ్యాచ్ నంబరు పంపండి." తప్పు మాదా మీదా అన్న చర్చ ఆ జవాబులో ఉండకూడదు. "మీరు తడి గరిటె పెట్టారేమో" అనే మాట నిజమే అయినా, ఒంట్లో బాగాలేని మనిషికి మొదట చెప్పాల్సిన మాట అది కాదు. అదే బ్యాచ్ గురించి ఇంకొకరు కూడా రాస్తే ఆ బ్యాచ్ అమ్మకం ఆపేసి, ఆపామని పేజీలో మనమే చెబుతాం.

మామూలు ఫిర్యాదులకి పగలైతే రెండు గంటల్లో, రాత్రైతే పొద్దున తొమ్మిదిలోపు జవాబు వెళ్లాలి. అందరికీ ఒకే కాపీ పేస్టు వద్దు. ఒకే పోస్టు కింద వరసగా పది సార్లు "అసౌకర్యానికి చింతిస్తున్నాం" కనబడితే చదివేవాళ్లకి ఒళ్లు మండుతుంది. ఆవిడ నూనె కారిందని రాస్తే నూనె గురించే మాట్లాడండి. రేటు ఎక్కువని తిడితే వెటకారం వద్దు, "కొనలేకపోతే మానేయండి" అనే అర్థం వచ్చే మాట ఏ రూపంలోనూ వద్దు. నువ్వుల నూనె ఎంత పడుతుందో, కాయ ఎంతకి కొన్నామో ఒకసారి చెప్పండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఎవరికైనా రెండు జవాబులే, మూడోది ఫోన్‌లో. అందరినీ "అండీ" అనండి. ఫోటో చూసి ఆంటీ, అంకుల్ అని పిలవకండి.

ఇక బటన్ల సంగతి. ఫేస్‌బుక్‌లో హైడ్ చేసిన కామెంట్ రాసినవాళ్లకీ వాళ్ల ఫ్రెండ్స్‌కీ కనబడుతూనే ఉంటుంది. కాబట్టి ఫోన్ నంబర్లు, అడ్రసులు, దొంగ రీఫండ్ లింకులు హైడ్ చేస్తే సరిపోదు, డిలీట్ చేయాలి. దొంగ ఖాతా అయితే రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి. మామూలు నోటి దురుసుకి మొదటిసారి కామెంట్ తీసి ఇన్‌బాక్స్‌లో ఒక్క వాక్యం: "మీ ఫిర్యాదు ఉంచుకోండి, ఆ మాట తీసి మళ్లీ రాయండి." రెండోసారి కూడా అదే చేస్తే ఇన్‌స్టాలో రిస్ట్రిక్ట్, ఫేస్‌బుక్‌లో బ్లాక్. ఆడవాళ్ల మీద బూతు, కులం పేరుతో తిట్టు, బెదిరింపు ఉంటే రెండో అవకాశం లేదు.

ఏది తీసినా ముందు స్క్రీన్‌షాట్ తీసి మన డ్రైవ్ ఫోల్డర్‌లో వేయండి. తారీఖు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు, ఇంతే రాస్తే చాలు. రేపు ఎవరైనా "నా ఫిర్యాదు మాయం చేశారు" అంటే చూపించడానికి ఉండాలి. చంపుతాననో, ఇంటికొస్తాననో బెదిరిస్తే ప్రొఫైల్ లింకు కూడా దాచి, పోలీసులకి ఇచ్చేదాకా డిలీట్ చేయకుండా హైడ్‌లో ఉంచండి. ఇప్పుడే ప్రమాదం ఉందనిపిస్తే 112. ఎవరైనా బతకాలని లేదన్నట్టు రాస్తే, అది జోకో నిజమో తేల్చే పని మనది కాదు. మెల్లగా మాట్లాడి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వండి, నాకు చెప్పండి.

పదాల ఫిల్టర్‌లో తమ్ముడు మొన్న కులాల పేర్లన్నీ పెడదామన్నాడు. వద్దు. "కమ్మగా ఉంది" అన్న ప్రతి మెచ్చుకోలూ దాక్కుంటుంది, "ఈ ఏడు మామిడి కాపు తక్కువా?" అని అడిగిన రైతు ప్రశ్న కూడా. ఇంటిపేర్లూ పేర్ల చివరి మాటలూ సరేసరి. ఫిల్టర్‌లో అచ్చమైన బూతులే పెట్టండి. అవి తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే రకరకాల స్పెల్లింగుల్లో ఒకసారి, మధ్యలో చుక్కలూ నక్షత్రాలూ పెట్టి రాసే తీరులో ఇంకోసారి పెట్టాలి. "రీఫండ్", "వాట్సాప్" ఉన్న కామెంట్లు ఆటోమేటిక్‌గా ఆగేలా పెట్టొచ్చు, కానీ ఆగినవాటిని పూటకోసారి తెరిచి చూడాలి. నిజంగా రీఫండ్ అడిగినవాళ్లు అందులోనే ఇరుక్కుంటారు. కులం, యాస వెక్కిరింపులు మాత్రం కంటితో చదివి తేల్చాల్సిందే, ఎందుకంటే ఒక్క తిట్టూ లేకుండా ఎత్తిపొడవడం మనవాళ్లకి బాగా వచ్చు.

మన అభిమానులు మన తరఫున దూకినప్పుడే అసలు ఇబ్బంది. "ముక్క గట్టిగా ఉంది" అని ఒకావిడ రాస్తే, పది మంది పాత కస్టమర్లు ఆవిడ మీద పడతారు. చూడటానికి మనకి సంతోషంగా ఉంటుంది. వాళ్లకీ అదే నియమం. "ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదండీ, ఆ బ్యాచ్ కాయ ముదురే" అని మన పేజీ పేరుతో ఒక మాట రాయండి. తిట్టినవాటిని తీయండి, అవి మనల్ని పొగిడినా సరే.

మీ సొంత ప్రొఫైల్‌తో పేజీలో వాదించకండి. ఇద్దరిలో ఎవరికైనా చదివి చదివి మనసు పాడైతే ఆ పూట ఫోన్ నాకిచ్చేయండి, కారణం అడగను. ముఖ్యంగా చెల్లి తన వీడియో కింద వచ్చిన కామెంట్లు తను చూడక్కర్లేదు, అవి తమ్ముడో నేనో చూస్తాం.

ఈ పద్ధతి ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వస్తుంది. జూలైలో జాడీలు కడిగాక ఫోల్డర్ తెరిచి, ఏవి అనవసరంగా తీశామో, ఏవి తీయకుండా వదిలేశామో చూసి, మార్చాల్సిన వాక్యాలు మారుద్దాం. అప్పటిదాకా అనుమానం వస్తే తీయకుండా నన్ను అడగండి. దొంగ నంబర్లకి మాత్రం అడగక్కర్లేదు.