మూడో వంతు నిల్వ తగ్గింపు: విశాఖ ఆటోనగర్ గోడౌన్ మేనేజర్‌కు పని క్రమం

గోడౌన్‌లో ఇప్పుడు 1.80 కోట్ల రూపాయల సరుకు ఉంది. జూన్ 30 నాటికి అది 1.20 కోట్లకు రావాలి. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా యూనిట్ల నుంచి వచ్చే ఏ ఇండెంటుకూ మనం చేతులెత్తేయకూడదు. ఏళ్ల తరబడి మనల్ని నమ్ముకున్న సరఫరాదారులు నొచ్చుకోకూడదు.

ప్రతి వస్తువులోనూ మూడో వంతు కోసేయాలన్న ఆలోచన దగ్గరకు రానివ్వకండి. అలా చేస్తే రోజూ అమ్ముడయ్యే బేరింగు ముందు ఖాళీ అవుతుంది, ఎవరూ అడగని బెల్టు మాత్రం రాక్‌లోనే ఉండిపోతుంది. మన 60 లక్షలు మూడు చోట్ల నుంచి రావాలి: కదలని సరుకులో 20, నెమ్మదిగా కదిలే సరుకులో 18, జోరుగా అమ్ముడయ్యే సరుకులో 22.

జనవరి: లెక్క సరిచూడటం

కంప్యూటర్‌లోని అంకెను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రోజుకో రాక్ చొప్పున చేత్తో లెక్కపెట్టించి, బిన్ కార్డుతో సరిచూడండి. సముద్రపు గాలి తగిలే ఊరు మనది. కవరు చిరిగిన బేరింగులను విప్పించి తుప్పు గీత ఉందేమో చూడండి. ఆయిల్ సీల్‌ను వేళ్ల మధ్య వంచితే అంచున సన్నని పగుళ్లు కనిపిస్తే అది అమ్మే సరుకు కాదు, లెక్కలోంచి తీసేయాల్సిందే.

తర్వాత ప్రతి వస్తువుకూ రెండు గుర్తులు పెట్టండి. మొదటిది, పన్నెండు నెలల్లో ఎంత అమ్ముడయింది. రెండోది, అది లేకపోతే కొనేవారి దగ్గర ఏమవుతుంది. ఈ రెండో గుర్తును సేల్స్ వాళ్లను కూర్చోబెట్టుకుని వేయండి. పంపు మెకానికల్ సీల్ ఏడాదికి ఒక్కటే అమ్ముడుపోవచ్చు, కానీ అడిగిన రోజున లేకపోతే అక్కడ రియాక్టర్ ఆగుతుంది. అలాంటివాటికి ఎర్ర చీటీ అంటించండి. ఈ ఆరు నెలలూ వాటి జోలికి వెళ్లవద్దు.

అదే నెలలో కౌంటరు మీద ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఎవరు ఏది అడిగినా మన దగ్గర లేదని చెప్పాల్సి వస్తే తేదీ, వస్తువు, సంఖ్య రాయాలి. ఈ పుస్తకం లేకపోతే సరుకు కొరత మనకు తెలియనే తెలియదు. ఎందుకంటే జరగని అమ్మకం ఏ బిల్లులోనూ కనబడదు.

ఫిబ్రవరి: జోరుగా పోయే సరుకు

ఇక్కడ ఆపద నిల్వను, అంటే అమ్మకం పెరిగినా లారీ ఆలస్యమైనా ఆదుకోవడానికి అట్టిపెట్టే సరుకును, తగ్గించడం మన ఉద్దేశం కాదు. ఒక్కో ఆర్డరు పరిమాణాన్ని తగ్గించడం. 6205 బేరింగు చూడండి. రోజుకు సగటున 12 పోతున్నాయి. మనం ఒకేసారి 1,200 తెప్పిస్తున్నాం, అంటే వంద రోజుల సరుకు. ఆర్డరును 400కు తగ్గిస్తే ఆపద నిల్వ కాకుండా రాక్‌లో ఉండే సగటు 600 నుంచి 200కు దిగుతుంది. ఇప్పుడున్న అదనపు సరుకు కరిగాక ఏడాది కొనుగోలు మాత్రం ఒక్క బేరింగు కూడా తగ్గదు.

అయితే ఒక చిక్కుంది. ఆర్డర్లు మూడు రెట్లయితే సరుకు అడుగంటే సందర్భాలూ మూడు రెట్లవుతాయి. అందుకే ఆపద నిల్వను 95 శాతం భరోసాకు కాకుండా 98 శాతం భరోసాకు లెక్కించండి. ఈ బేరింగు రోజువారీ అమ్మకంలో హెచ్చుతగ్గు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 5. కోల్‌కతా నుంచి సరుకు రావడానికి సగటున 10 రోజులు, అందులో హెచ్చుతగ్గు 2 రోజులు. 98 శాతం భరోసాకు గుణకం 2.05. షీటులో ఇలా వేయండి:

```
=2.05*SQRT(10*5^2 + 12^2*2^2)
```

జవాబు 59. పది రోజుల అమ్మకం 120 కలిపితే, నిల్వ 179కి దిగిన రోజే తర్వాతి ఆర్డరు వెళ్లాలి. ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. సరుకు సరిగ్గా పదో రోజునే వస్తుందనుకుంటే 33 చాలు. మిగతా 26 బేరింగులూ కేవలం ఆ రెండు రోజుల అటూఇటూ వల్ల మోస్తున్నవే. కాబట్టి సరఫరాదారును ధర తగ్గించమని అడగడం కన్నా చెప్పిన రోజున లారీ ఎక్కించమని అడగడం మనకు ఎక్కువ లాభం.

సరఫరాదారులతో మాట

చిన్న ఆర్డరు చేరాక ఫోను చేయడం కాదు, దానికన్నా ముందే మీరు స్వయంగా మాట్లాడాలి. ఆటోనగర్‌లోని గాస్కెట్ తయారీదారుల దగ్గరకైతే నడిచి వెళ్లండి. మాట్లాడే ముందు వారి పాత బిల్లులన్నీ చెల్లించేయండి. బాకీ ఉంచుకుని ఆర్డరు తగ్గిస్తే, మన వ్యాపారం దెబ్బతిందని మార్కెట్‌లో అనుకుంటారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "ఈ ఆరు నెలల్లో ఒక్కసారి మా కొనుగోలు తగ్గుతుంది. మా దగ్గరున్న అదనపు సరుకు కరిగేదాకా అంతే. ఆ తర్వాత ఏడాది మొత్తం ఎప్పటిలాగే ఉంటుంది, విడతలు మాత్రం చిన్నవి." మూడు నెలల అంచనా కాగితం చేతికివ్వండి, అందులో మొదటి నెలను మార్చబోమని మాటివ్వండి. డిస్కౌంటును ఒక్కో ఆర్డరు మీద కాకుండా ఏడాది మొత్తం మీద లెక్కకట్టమని కోరండి. రవాణా ఖర్చు పెరగకుండా ఒకే సరఫరాదారు నుంచి వచ్చే వస్తువులన్నిటినీ ఒకే లారీకి కలపండి. ఈ సంభాషణలో ధర బేరం పెట్టవద్దు. రెండు కోరికలు ఒకేసారి ఎవరికీ మింగుడుపడవు.

సూక్ష్మ, చిన్న తరహా తయారీదారులకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2006 నాటి చట్టం చెప్పేది ఇదే. మనం 30 రోజులకే ఇద్దాం. ఖాళీ అయ్యే పెట్టుబడిలో కొంత వారికి త్వరగా చేరితే చిన్న విడతలు పంపడానికి వారే ముందుకొస్తారు.

మార్చిలో జాగ్రత్త. సంవత్సరాంతపు టార్గెట్ల కోసం కంపెనీల ప్రతినిధులు అదనపు డిస్కౌంటుతో సరుకు దించమంటారు. ఆరు వారాల అమ్మకానికి మించి ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. నా సంతకం లేకుండా అలాంటి ఆర్డరు ఏదీ వెళ్లకూడదు.

ఏప్రిల్, మే: కదలనిదీ నెమ్మదిదీ

నెమ్మదిగా పోయే సరుకుకు కొత్త ఆర్డర్లు ఆపండి, మూడు నెలల అమ్మకానికి సరిపడా దిగేవరకు. దీనికి ఇంతకుమించి చేయాల్సింది లేదు.

కదలని సరుకు జాబితాను ముందుగా దాన్ని అమ్మినవారికే పంపండి. వెనక్కి తీసుకోమని పట్టుబట్టవద్దు, జోరుగా పోయే సైజులతో మార్చుకుంటారేమో అడగండి. తర్వాత షట్‌డౌన్ పనులున్న యూనిట్లకు, మర్రిపాలెం వైపు లారీ మరమ్మతు షెడ్లకు తగ్గింపు ధర చెప్పండి. సగం ధరకైనా అమ్మడమే మేలు. పుస్తకాల్లో కొట్టేస్తే దాని మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ తిరిగి కట్టాలి. ఆడిటరును అడగకుండా ఏదీ తుక్కులో వేయవద్దు.

ఎప్పుడు ఆపాలి

ప్రతి సోమవారం ఉదయం కౌంటరు పుస్తకం చూడండి. జోరుగా పోయే ఏ వస్తువైనా నెలలో రెండుసార్లు అందులో కనిపిస్తే, ఆ సరఫరాదారు వస్తువులన్నిటికీ తగ్గింపు ఆపి నాకు చెప్పండి. జూన్ 30కి నిల్వ 1.25 కోట్ల దగ్గరే ఆగిపోయినా ఫరవాలేదు, ఒక యూనిట్‌లో పంపు ఆగడం మాత్రం ఒప్పుకోను.

సెప్టెంబరులో మళ్లీ లెక్క వేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరికి రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. అలాంటి వేళ సరుకు రావడానికి పది రోజుల గడువు అన్న మాటకు అర్థం ఉండదు. తుపాన్లు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎర్ర చీటీ వస్తువులకు, మోటారు, పంపు బేరింగులకు గడువును 15 రోజులుగా వేసి షీటు మార్చండి. ఆ అదనపు ఆర్డర్లు సెప్టెంబరు మొదటి వారంలోనే సరఫరాదారులకు చేరాలి.