చొక్కా ఒక్కటే మారాలి: లేత నీలం నుంచి మెరూన్‌కు ప్రాంప్ట్

బృందం ఫొటోల వరుసలో ఐదుగురు మెరూన్ చొక్కాల్లో ఉన్నారు, ఆరో ఆయన లేత నీలం చొక్కాలో వచ్చారు. మళ్లీ ఫొటో తీసే వీలు లేదు కాబట్టి, ఆయన ఒప్పుకున్న మీదట ఈ ఒక్క ఫొటోలో చొక్కా రంగు మారుస్తున్నాం. ఫైలు 1600×2000 పిక్సెళ్లు. నడుము వరకు ఫ్రేము. కళ్లద్దాలు, మెడలో ముదురు నీలం పట్టీకి వేలాడే ఐడీ కార్డు, జేబులో పెన్ను, తెల్ల గుండీలు. కింద కొంచెం నీలం జీన్స్ కనిపిస్తోంది. వెనక అల్మరాలో నీలం అట్టల పుస్తకాలు రెండున్నాయి. ఒకే ఫొటోలో ఇన్ని నీలాలు ఉండటమే దీనిలో అసలు చిక్కు.

ఎడిటింగ్ టూల్‌లో అసలు ఫొటో పెట్టి, కింది ప్రాంప్ట్‌ను ఉన్నది ఉన్నట్టు అతికించండి:

> ఈ ఫొటోలోని వ్యక్తి వేసుకున్న లేత నీలం చొక్కా బట్ట రంగును ముదురు మెరూన్‌కు, సుమారు #6B1F2E కు మార్చు. కాలర్, చొక్కా చేతులు, కఫ్‌లు, జేబు, గుండీ పట్టీ అన్నీ ఒకే మెరూన్‌లో ఉండాలి.
>
> చొక్కా కుట్లు, ముడతలు, మడతల్లోని నీడలు, వెలుతురు పడ్డ చోట్లు ఇప్పుడున్నట్టే ఉండాలి. తెల్ల గుండీలు తెల్లగానే ఉండాలి. జేబులోని పెన్ను, మెడలోని ముదురు నీలం పట్టీ, ఐడీ కార్డు, నీలం జీన్స్, అల్మరాలోని నీలం పుస్తకాలు వాటి రంగుల్లోనే ఉండాలి.
>
> ముఖం, ముఖ కవళికలు, జుట్టు, కళ్లద్దాలు, చర్మం రంగు, కూర్చున్న తీరు, అరచేతులు, వేళ్లు, వెనకున్న గోడ, అల్మరా, గదిలోని వెలుతురు అసలు ఫొటోలో ఉన్నట్టే ఉంచు. ఫ్రేము, నిష్పత్తి మార్చొద్దు. కొత్తగా ఏదీ చేర్చొద్దు, ఉన్నదేదీ తీసేయొద్దు.

ఇంతకంటే పొడవు చేయకండి. మొదటి పేరా ఏం మారాలో చెబుతుంది, రెండోది చొక్కాను అంటిపెట్టుకుని ఉన్నవాటిని కాపాడుతుంది, మూడోది మిగతా ఫొటోను. ఈ వరుస తిరగేస్తే, అంటే "మార్చొద్దు" జాబితాతో మొదలుపెడితే, అసలు పని వెనక్కి పోయి రంగు అరకొరగా మారడం మామూలే.

రంగు పేరు, కోడ్ రెండూ ఇచ్చింది ఊరికే కాదు. "ఎరుపు" అని వదిలేస్తే టమాటా ఎరుపు నుంచి ఇటుక రంగు దాకా ఏదైనా రావచ్చు. కోడ్ ఒక్కటే ఇస్తే కొన్ని టూల్స్ దాన్ని పెద్దగా పట్టించుకోవు. "సుమారు" అన్నది కూడా కావాలనే. నీడలో ఉన్న మడత, కిటికీ వెలుతురు పడ్డ భుజం ఒకే కోడ్‌లో ఉంటే అది బట్టలా ఉండదు, పెయింట్ పూసినట్టు ఉంటుంది.

అలాగే "అందంగా", "ప్రొఫెషనల్‌గా", "హై క్వాలిటీలో", "క్లియర్‌గా" లాంటి మాటలు ఒక్కటి కూడా కలపకండి. వీటిలో ప్రతిదీ ముఖాన్ని నున్నగా చేయడానికి టూల్‌కు ఇచ్చే అనుమతే. ముఖం మారిపోయిందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ మాటల్లోనే దొరుకుతుంది.

మొదటిసారికే సరిగ్గా రాకపోతే ఏం పోయిందో చూసి, దానికి తగిన వాక్యం వాడండి. ప్రతిసారీ అసలు ఫొటోతోనే మొదలుపెట్టాలి. వచ్చిన ఫలితాన్నే మళ్లీ పెట్టి సవరిస్తూ పోతే రెండు మూడు మార్పులకే చర్మం మైనంలా అవుతుంది, వెనక పుస్తకాల మీది అక్షరాలు చెదిరిపోతాయి.

పట్టీయో జీన్సో కూడా మెరూన్ అయిపోతే మొదటి పేరా తర్వాత ఇది చేర్చండి:

> రంగు మారాల్సింది మెడ నుంచి నడుము వరకు ఉన్న కాటన్ చొక్కా బట్టకే. చొక్కా మీదుగా వేలాడుతున్న సన్నటి ముదురు నీలం పట్టీ వేరే వస్తువు, అది నీలంగానే ఉండాలి. నడుము కింద కనిపించే జీన్స్ కూడా నీలంగానే ఉండాలి.

చొక్కా మెరూన్ అయింది కానీ ముడతలు పోయి అట్టముక్కలా ఉంటే:

> చొక్కాను కొత్తగా గీయొద్దు. ఇప్పుడున్న బట్ట మీదే రంగు మార్చు. భుజం దగ్గరి మడతలు, మోచేతి దగ్గరి ముడతలు, జేబు అంచు కుట్టు, గుండీల కింది చిన్న నీడలు అవే చోట్ల, అవే ఆకారంలో కనిపించాలి. వెలుతురు పడ్డ చోట మెరూన్ కాస్త లేతగా, మడతల్లో ముదురుగా ఉండాలి.

లేత రంగు నుంచి ముదురుకు వెళ్లేటప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ. లేత నీలంలో ముడత నీడ స్పష్టంగా తెలుస్తుంది, ముదురు మెరూన్‌లో అదే నీడకు చోటు తక్కువ. నల్ల చొక్కాను తెల్లగా మార్చమంటే ఇంకా కష్టం. నలుపులో ముడతల సమాచారం చాలా తక్కువ, టూల్ వాటిని ఊహించి గీస్తుంది.

గడ్డం కింద, మెడ మీద ఎర్రటి ఛాయ పడితే:

> గడ్డం, మెడ, మణికట్టు దగ్గర చర్మం రంగు అసలు ఫొటోలో ఉన్నట్టే ఉండాలి. చొక్కా రంగు చర్మం మీద ప్రతిఫలించకూడదు.

నిజానికి మెరూన్ చొక్కా వేసుకుంటే ఆ ఛాయ కొంచెం పడటం సహజమే. కానీ ముఖం ముట్టుకోకూడదని మాట ఇచ్చాం కాబట్టి వద్దు.

ఫ్రేము కత్తిరించినా, సాగదీసినా ప్రాంప్ట్‌ను తప్పుపట్టకండి. కొన్ని టూల్స్ తమకున్న కొన్ని కొలతల్లోనే ఫొటో ఇస్తాయి. మనది 4:5. టూల్ 2:3 లోనే ఇస్తుందంటే, ముందే ఎడిటర్‌లో కాన్వాస్‌ను పైనా కిందా పెంచి 1600×2400 చేసి బూడిద రంగు పట్టీలు వేయండి. ఎడిట్ అయ్యాక వాటిని కత్తిరించేయండి. అప్పుడు టూల్‌కు మనిషిని కత్తిరించాల్సిన పనే రాదు.

ఎడమ కుడి గురించి ఒక మాట. సవరణ వాక్యాల్లో "ఎడమ చేయి" అని రాస్తే అది కూర్చున్న వ్యక్తి ఎడమా, చూసేవారి ఎడమా అన్నది టూల్ తనకు తోచినట్టు తీసుకుంటుంది. "కుర్చీ మీద ఆనిన చేయి", "కిటికీ వైపు భుజం" అని రాస్తే తికమక ఉండదు.

ముఖం మారితే మాత్రం వాక్యాలు పెంచి లాభం లేదు. ఇలాంటి టూల్స్‌లో చాలావరకు చొక్కా ఒక్కటే ముట్టుకోవు, ఫొటో మొత్తాన్నీ తిరిగి గీస్తాయి. "ముఖం మార్చొద్దు" అంటే అవి దగ్గరగా గీయడానికి ప్రయత్నిస్తాయే తప్ప పిక్సెళ్లను అలాగే వదిలేస్తాయని హామీ లేదు. ఫ్రేములో ముఖం చిన్నదైన కొద్దీ తేడా ఎక్కువ కనిపిస్తుంది. కళ్లద్దాల ఫ్రేము మందం, కనుబొమ్మల ఒంపు, పెదవుల చివర్లు మొదట మారేవి ఇవే. అప్పుడు మాస్క్ దారి పట్టాలి, అంటే మారాల్సిన చోటును మాత్రమే గుర్తించి టూల్‌కు ఇవ్వాలి.

మాస్క్‌లో చొక్కాను మాత్రమే బ్రష్‌తో నింపండి. పట్టీ, కార్డు, పెన్ను, గుండీలను వదిలేయండి. కాలర్ మెడను తాకే చోట మాస్క్ బట్ట అంచు దాకా రావాలి, చర్మం మీదికి పోకూడదు. లోపలికి ఆగిపోతే సన్నటి నీలం గీత మిగులుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్ వెబ్ యూఐలో ఈ ఫొటోకు సెట్టింగ్‌లు ఇవి:

```
Mask mode: Inpaint masked
Masked content: original
Inpaint area: Only masked
Only masked padding, pixels: 32
Mask blur: 4
Denoising strength: 0.4
```

ఇక్కడ ప్రాంప్ట్ తీరు వేరు. "మార్చు", "ఉంచు" లాంటి ఆదేశాలు దీనికి అర్థం కావు. మాస్క్ లోపల చివరికి ఏం కనిపించాలో వర్ణించాలి, అదీ ఇంగ్లిష్‌లో:

```
dark maroon cotton shirt, natural fabric folds, soft window light
```

ముఖం గురించి ఒక్క మాట కూడా రాయకండి. మాస్క్ బయట ఉన్నది ఎలాగూ మారదు, పైగా ముఖం అని రాస్తే చొక్కా మీద ముఖం లాంటి మరక రావచ్చు.

Denoising strength 0.4 దగ్గర ముడతలు నిలుస్తాయి కానీ నీలం పూర్తిగా పోకపోవచ్చు. విలువను 0.75 కు పెంచితే రంగు వస్తుంది, ముడతలు పోతాయి. పెంచడం కన్నా మంచి దారి ఒకటుంది. ముందు ఫొటో ఎడిటర్‌లో చొక్కా మీద #6B1F2E తో ఒక పొర వేసి, దాని బ్లెండ్ మోడ్‌ను `Color` చేయండి. వెలుగునీడలు కింది ఫొటోవి ఉంటాయి, రంగు మాత్రం పై పొరది. లేత నీలం మీద ఇది గులాబీ రంగులా కనిపిస్తుంది, కంగారు పడక `Curves` తో ఆ చొక్కా భాగాన్ని కిందికి లాగి ముదురు చేయండి. ఆ ఫైలుకే అదే మాస్క్‌తో 0.3 లేదా 0.35 ఇస్తే చాలు. అసలు ఈ పొరతోనే చొక్కా బాగా కుదిరిందంటే టూల్ జోలికి పోనక్కర్లేదు.

ఏ దారిలో చేసినా అప్పగించే ముందు తనిఖీ ఒకటే. అసలు ఫొటో మీద కొత్త ఫొటోను పొరగా పెట్టి, మోడ్‌ను `Difference` చేయండి. మారనిచోట నల్లగా, మారినచోట వెలుగుగా కనిపిస్తుంది. చొక్కా ఆకారం ఒక్కటే వెలగాలి. కళ్లద్దాల గీతలు, ముక్కు అంచు, అల్మరా అరలు సన్నగా మెరుస్తుంటే అవి మారినట్టే, లేదా ఫొటో ఒకటి రెండు పిక్సెళ్లు జరిగినట్టు. అక్కడక్కడా పలచటి నుసి మాత్రమే ఉంటే అది JPEG కుదింపు వల్ల వచ్చింది, వదిలేయండి.

ముఖం దగ్గర తేడా ఉండి, ఫొటో మాత్రం జరగకపోతే మళ్లీ ప్రాంప్ట్ రాయక్కర్లేదు. పై పొర మోడ్‌ను తిరిగి `Normal` చేసి, దానికి నల్ల లేయర్ మాస్క్ వేసి, చొక్కా ఉన్నచోట మాత్రం తెల్ల బ్రష్‌తో తెరవండి. కింద అసలు ముఖం, అసలు గోడ, పైన కొత్త చొక్కా మిగులుతాయి. ఫొటో జరిగి ఉంటే ముందు కాలర్ మూలను ఆధారంగా పెట్టుకుని పొరను సరిచేయండి, లేకపోతే కాలర్ అంచు రెండుగా కనిపిస్తుంది. పని నడుస్తున్నంతసేపూ PNG లోనే దాచండి. JPEG చివర్లో ఒక్కసారే, మిగతా ఐదు ఫొటోలను ఏ నాణ్యతలో ఇచ్చారో దీన్నీ అదే నాణ్యతలో ఇవ్వండి.