అట్టపెట్టెల కేటలాగు, కొటేషన్ ఫారం

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో 3 ప్లై, 5 ప్లై అట్టపెట్టెలు తయారు చేస్తాం. మామిడి వ్యాపారులు, పచ్చళ్ల తయారీదారులు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు, మిఠాయి దుకాణాలు మా ఖాతాదారులు. అమ్మకం వ్యాపార సంస్థలకే. ఇల్లు మారడానికి పది పెట్టెలు కావాలంటే మీ వీధిలోని కిరాణా కొట్టువారిని అడగండి, తక్కువలో పోతుంది.

ముందుగా ఒక మాట

"గట్టి పెట్టె కావాలి, రేటెంత?" అని చాలామంది అడుగుతారు. లోపల ఏముంటుంది, ఎంత బరువు, ఎన్ని పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, ఎంత దూరం వెళ్తుంది, ఎన్నాళ్లు గోదాములో ఉంటుంది. ఈ అయిదూ తెలియకుండా రేటు చెప్పేవారు కాగితం తగ్గించి చెబుతున్నారనే అనుకోండి. ప్లై ఒక్కటే చూసి కొనకండి. పలుచని కాగితంతో చేసిన 5 ప్లై కన్నా మంచి క్రాఫ్ట్ కాగితంతో చేసిన 3 ప్లై ఎక్కువ మోయవచ్చు. అందుకే ఈ కేటలాగులో 10 కిలోల మామిడి పెట్టెకు ప్రతి పొర జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో, బీఎఫ్, అంటే పగలకుండా తట్టుకునే బలం, విడిగా రాస్తున్నాం. మీకు వచ్చిన ఇతర కొటేషన్లలోనూ ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి.

మామిడి పెట్టె, 10 కిలోలు (కోడ్ M-10)

లోపలి కొలత: 400 × 300 × 180 మి.మీ.
అట్ట: 5 ప్లై, అలల్లా ఉండే బి, సి ఫ్లూట్ పొరలు కలిపి, మందం సుమారు 6.5 మి.మీ.
పై పొర: 180 జీఎస్ఎం, 22 బీఎఫ్
లోపలి పొర: 150 జీఎస్ఎం, 20 బీఎఫ్
మధ్య పొర, రెండు ఫ్లూట్లు: 120 జీఎస్ఎం, 18 బీఎఫ్
బర్స్టింగ్ స్ట్రెంత్: లెక్క ప్రకారం చదరపు సెం.మీ.కు 11.28 కిలోలు
గాలి రంధ్రాలు: నిలువు పలకలకు 25 మి.మీ. వ్యాసంతో 8
కనీస ఆర్డరు: 500

ఈ 11.28 ఎలా వచ్చిందో మీరే సరిచూసుకోవచ్చు. ప్రతి పొర జీఎస్ఎంను బీఎఫ్‌తో గుణించి 1000తో భాగించాలి. పై పొరకు 3.96, మధ్య పొరకు 2.16, లోపలి పొరకు 3.00 వస్తాయి. ఫ్లూట్లకు సగమే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఒక్కోదానికి 1.08. అన్నీ కూడితే 11.28.

అయితే పెట్టె పగలడం వేరు, కుంగడం వేరు. బంగినపల్లి లోడు లారీలో కుంగిపోయేది అడుగు వరసలోనే. ఎనిమిది వరసలు పేర్చారనుకోండి, అడుగు పెట్టె మీద ఏడు పెట్టెల బరువు, అంటే కాయతో కలిపి 73 కిలోల పైచిలుకు పడుతుంది. అలాగని 75 కిలోలు మోసే పెట్టె చాలదు. తేమ, కుదుపులు, గోదాములో గడిచే రోజులు బలాన్ని తినేస్తాయి. గాలిలో తేమ బాగా పెరిగితే అట్ట బలం సగం వరకు పడిపోవచ్చు. అందుకే మూడున్నర రెట్లు వేసుకుని, ఈ పెట్టెను 260 కిలోల కంప్రెషన్‌కు తయారు చేస్తాం. బరువును ఎక్కువగా మోసేవి నాలుగు మూలలే కాబట్టి గాలి రంధ్రాలను మూలలకు దూరంగా పెడతాం. "ఇంకో నాలుగు రంధ్రాలు పెట్టండి" అంటే పెడతాం, కానీ పేర్చే వరసలు తగ్గించుకోవాల్సి ఉంటుంది. పేర్చేటప్పుడు మూల మీద మూల వచ్చేలా కూలీలకు చెప్పండి. ఇటుకల గోడలా అడ్డదిడ్డంగా పేరిస్తే ఏ పెట్టె అయినా కుంగుతుంది.

5 కిలోల పెట్టె (M-5) 3 ప్లైలో ఉంది: 380 × 280 × 110 మి.మీ. మామిడి సీజన్ ఆర్డర్లు ఫిబ్రవరిలోనే ఇస్తే మంచిది. ఏప్రిల్‌లో అడిగితే వరసలో నిలబడాలి.

పచ్చడి సీసాల పెట్టె (కోడ్ P-12)

అర కిలో గాజు సీసాలు 12 పడతాయి. లోపలి కొలత 350 × 262 × 132 మి.మీ., 5 ప్లై, లోపల 3 ప్లై అడ్డుగోడలు. సీసా వ్యాసం 82 మి.మీ. దాటితే కొలత మార్చాలి. ఒక ఖాళీ సీసా, మూతతో సహా, మాకు పంపండి. డ్రాయింగు కన్నా అదే నయం. కనీస ఆర్డరు 300.

పూతరేకుల పెట్టె (కోడ్ R-1)

250 × 180 × 60 మి.మీ., ఇ ఫ్లూట్, 3 ప్లై, పైన తెల్ల డూప్లెక్స్. జిగురు లేకుండా మడతలతోనే లాక్ అవుతుంది. నెయ్యి కాగితానికి అంటితే మరక బయటికి కనిపిస్తుంది, కాబట్టి లోపల బటర్ పేపరు తప్పనిసరి. అది మా దగ్గర దొరకదు. ముద్రణ బయటి వైపే వేస్తాం, లోపల సిరా ఉండదు. డై ఒకసారి చేయించుకుంటే తర్వాతి ఆర్డర్లకు ఆ ఖర్చు ఉండదు. కొండపల్లి బొమ్మలకూ ఇదే అట్టతో చిన్న పెట్టెలు చేస్తాం.

రొయ్యల మాస్టర్ కార్టన్ (కోడ్ S-20)

2 కిలోల లోపలి పెట్టెలు పది పడతాయి. 390 × 295 × 335 మి.మీ., 5 ప్లై, బయట నీరు పీల్చని పూత. మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీ నుంచి బయటికి తీసినప్పుడు అట్టకు పట్టే చెమ్మే దీనికి అసలు పరీక్ష. పూత లేని రకం అడిగినా ఇవ్వం.

అన్నిటికీ వర్తించేవి

కొలతలన్నీ లోపలివే: పొడవు, వెడల్పు, ఎత్తు ఆ వరసలో. 3 మి.మీ. అటూ ఇటూ తేడా ఉండవచ్చు. కాగితం జీఎస్ఎంలో 5 శాతం. ముద్రణ రెండు రంగుల వరకు. ముద్రణ అచ్చు, అంటే స్టీరియో, ఖర్చు వేరు. హెచ్‌ఎస్‌ఎన్ 4819 10, జీఎస్టీ అదనం. నమూనా ఖరారైన తర్వాత 8 పని దినాల్లో సరుకు సిద్ధం. మొదటి ఆర్డరుకు సగం అడ్వాన్సు, మిగతాది లోడింగుకు ముందు. రేట్లు ఇక్కడ రాయలేదు, ఎందుకంటే క్రాఫ్ట్ కాగితం ధర నిలకడగా ఉండదు. కొటేషన్ 7 రోజులే చెల్లుతుంది.

కొటేషన్ కోసం ఫారం

సంస్థ పేరు, జీఎస్టీ నంబరు (రెండూ తప్పనిసరి)
మాట్లాడాల్సిన వారి పేరు, ఫోను నంబరు (కొనుగోలు చూసేవారిది ఇవ్వండి)
పెట్టె కోడ్ (M-10, M-5, P-12, R-1, S-20 లేదా "వేరే కొలత")
వేరే కొలతైతే లోపలి పొడవు × వెడల్పు × ఎత్తు, మి.మీ.లలో. ఉదాహరణ: 450 × 300 × 250
లోపల పెట్టే సరుకు, నిండు పెట్టె బరువు ఉదాహరణ: స్టీలు గ్లాసులు, 14 కిలోలు
ఎన్ని వరసలు పేరుస్తారు, ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది ఉదాహరణ: 6 వరసలు, 20 రోజులు
రవాణా (లారీ / రైలు / కొరియర్ / ఓడ)
తేమ లేదా చల్లదనం ఉంటుందా (ఉండదు / వానాకాలం గోదాము / కోల్డ్ స్టోరేజీ)
ముద్రణ (వద్దు / ఒక రంగు / రెండు రంగులు)
ఈసారి ఎన్ని, ఏడాదికి సుమారు ఎన్ని (రేటు ఈ రెండో అంకె మీదే ఎక్కువ ఆధారపడుతుంది, పెంచి రాయకండి)
సరుకు దిగాల్సిన ఊరు, పిన్ కోడ్
ప్రస్తుతం వాడుతున్న పెట్టె ఫొటో (ఉంటే. కుంగిన పెట్టె ఫొటో అయితే ఇంకా మంచిది)

[కొటేషన్ పంపమని అడగండి]

మధ్యాహ్నం 2 గంటలలోపు వచ్చిన ఫారాలకు అదే రోజు, తర్వాత వచ్చినవాటికి మరుసటి పని దినం జవాబిస్తాం. ఆదివారం సెలవు. బరువు, వరసల గడులు ఖాళీగా ఉంటే ముందు ఫోను చేసి అవే అడుగుతాం.