ఉద్దానం కిడ్నీ ప్రాజెక్ట్: ఏప్రిల్ 27 సమీక్షలో చూపించిన వివరాలు, ఒక అభ్యర్థన

పలాస,
2025 మే 3

దాతలందరికీ నమస్కారం.

ఆదివారం పలాసలో జరిగిన వార్షిక సమీక్షకు మీలో కొందరు నేరుగా వచ్చారు, కొందరు ఫోన్లలో చూశారు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోవడంతో చాలామందికి సగం స్లైడ్లు కనబడలేదని తర్వాత తెలిసింది. అందుకే ఆ రోజు చూపించినవాటిలో ముఖ్యమైనవి రాసి పంపుతున్నాను. లెక్కలన్నీ 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు, కవిటి, సోంపేట, మందస మండలాల్లోని మన 18 ఊళ్ళవి.

మొదటి స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న అంకె 4,112. ఏడాదిలో మనం రక్తపరీక్ష చేసినవాళ్ళు అంతమంది. చప్పట్లు కూడా దానికే వచ్చాయి. కానీ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది రెండో పరీక్ష గురించిన నాలుగో స్లైడ్ అని నా అభిప్రాయం.

4,112 మందిలో 486 మందికి రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది. ఒక్కసారి ఎక్కువ వస్తే కిడ్నీ జబ్బు అని చెప్పేయకూడదు. ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోయినా పెరుగుతుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలి, అప్పుడూ అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని అర్థం. అంటే రెండో పరీక్షకు రాని మనిషికి మొదటి పరీక్ష చేసీ చేయనట్టే.

మొదటి ఆరు నెలల్లో రెండో పరీక్షకు రావాల్సినవాళ్ళు 214 మంది, వచ్చింది 96 మంది. సగం కూడా లేరు. అక్టోబరులో ఆ లెక్క చూసినప్పుడు నాకు చాలా బాధేసింది. కారణం వెతుక్కుంటూ మన ఆరోగ్య కార్యకర్తలతో కలిసి ఇల్లిల్లూ తిరిగాం. మందసలో ఒకావిడ జీడిపిక్కలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే అంది: "తెలిస్తే ఏటి సేస్తాం బాబూ? మా ఆయనకి తెలిసింది. రెండేళ్ళు బతికినాడు." ఆ వేళ్ళు జీడి రసానికి నల్లగా అయిపోయి ఉన్నాయి. ఆవిడకి నేనేమీ జవాబు చెప్పలేకపోయాను. ఇంకో ఇంట్లో కూతురికి సంబంధాలు చూస్తున్నారు, తండ్రికి కిడ్నీ జబ్బని ఊళ్ళో తెలిస్తే పెళ్ళి కుదరదని వాళ్ళ భయం. పరీక్ష కేంద్రానికి పోతే కూలి పోతుందన్నవాళ్ళు సరే సరి.

అప్పటినుంచి రెండు మార్పులు చేశాం. రెండో పరీక్షకు ఎవరినీ కేంద్రానికి రమ్మనడం లేదు, తెల్లారి ఐదున్నరకల్లా, పనికి బయల్దేరకముందే, కార్యకర్తా టెక్నీషియనూ వాళ్ళింటికే వెళ్ళి రక్తం తీసుకుంటున్నారు. రిపోర్టు కూడా ఆ మనిషి చేతికే ఇస్తున్నాం, పంచాయతీ దగ్గర అందరిముందూ పేర్లు చదవడం మానేశాం. (మొదట్లో అలా చదివించింది మనమే. అది పొరపాటు, దానికి బాధ్యత నాది.) తర్వాతి ఆరు నెలల్లో 272 మందికి గాను 195 మంది రెండో పరీక్ష చేయించుకున్నారు. నూటికి 45 ఉన్నది 72 దాకా వచ్చింది.

మొత్తం మీద 203 మందికి జబ్బు ఖాయమైంది. అందులో 11 మంది డయాలసిస్‌కు దగ్గరపడుతున్నారు. ముందే తెలియడం వల్ల ఏడుగురు, డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేయించుకున్నారు. అది సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. ఆయాసం వచ్చాక, కాళ్ళు వాచాక ఆసుపత్రికి పరుగెత్తే మనిషికి అంత టైమ్ ఉండదు. మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ చేయాల్సిందే, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ.

ఇక పేషెంట్లను డయాలసిస్‌కు తీసుకెళ్ళే బండి. చికిత్స ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది, కానీ అక్కడికి చేరడం ఉచితం కాదు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తిరిగొచ్చేటప్పుడు మనిషి నిలబడలేడు, వెంట ఒకరు ఉండాలి, ఆ ఒకరి కూలీ పోతుంది. ఆటోకి డబ్బుల్లేని వారం మానేస్తారు. బండి పెట్టకముందు మన పేషెంట్లు నూరు సెషన్లలో 22 ఎగ్గొట్టేవారు, ఇప్పుడు 8. ఏడాదిలో 34 మంది బండి ఎక్కారు. వాళ్ళలో ఐదుగురు చనిపోయారు. ఆ అంకె స్లైడ్‌లో వద్దని మా టీమ్‌లో ఒకరిద్దరు అన్నారు. నేనే పెట్టించాను. మీ డబ్బుతో నడిచే బండిలో వాళ్ళూ కూర్చున్నారు, వాళ్ళను లెక్కలోంచి తీసేయలేను.

కిడ్నీలకు చేటు చేసే నొప్పి మాత్రల గురించిన తొమ్మిదో స్లైడ్‌ను మాత్రం దయచేసి పట్టించుకోకండి. వాడకం బాగా తగ్గిందని చూపించాం. సమీక్షలో ఒక దాత, తగ్గిందని ఎలా తెలిసిందని అడిగారు. వాళ్ళనే అడిగి రాసుకున్నాం. "వాడొద్దమ్మా" అని చెప్పిన మనిషే మళ్ళీ వెళ్ళి "వాడుతున్నారా" అని అడిగితే లేదనే అంటారు కదా. ఒళ్ళునొప్పులకు ఇంజెక్షన్ వేయించుకుని పనికి పోవడం మన ఊళ్ళల్లో ఇంకా మామూలే, నా కళ్ళారా చూస్తున్నాను. ఆ స్లైడ్ తీసేశాం. జూన్ నుంచి ఇంట్లో ఉన్న ఖాళీ స్ట్రిప్పులు చూసి లెక్కపెడతాం.

ఇంకో ప్రశ్నకు ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను: హిరమండలం నుంచి తాగునీరు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ మొదలయ్యాయి, ఇంకా మనమెందుకు అని. మంచి నీళ్ళు రావడం ఎంతో మేలు. కానీ ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో, ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు, పైగా పాడైన కిడ్నీ నీళ్ళతో బాగుపడదు. ఆసుపత్రి ఉంది. ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దూరమే మన పని.

ఖర్చులు క్లుప్తంగా. మీ నుంచి వచ్చింది 38,60,000 రూపాయలు. బండికి, డీజిల్‌కు, డ్రైవర్‌కు 11,40,000, పరీక్షలకు 9,80,000, పద్దెనిమిది మంది కార్యకర్తల గౌరవ వేతనం 8,64,000, క్యాంపులు, ఆఫీసు, ఆడిట్ అన్నీ కలిపి 6,31,000. మిగిలింది 2,45,000. ఆడిట్ రిపోర్టు ఈ ఉత్తరంతో జతచేశాను.

ఇప్పుడు అభ్యర్థన. వచ్చే ఏడాదికి ఆరు పెద్ద క్యాంపులకు మీరు డబ్బు కేటాయించారు. వాటిని రెండుకు తగ్గించి, ఆ డబ్బునూ మిగిలినదాన్నీ కలిపి రెండో బండి అద్దెకు తీసుకోవడానికి అనుమతి ఇవ్వండి. క్యాంపులు తగ్గితే మొదటి స్లైడ్‌లో అంకె వచ్చే ఏడాది చిన్నదవుతుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఇప్పుడున్న ఒక్క బండి ఉదయం షిఫ్ట్ వాళ్ళను ఎక్కించుకోవడానికి తెల్లవారుజామున నాలుగింటికి కవిటి వైపు బయల్దేరుతోంది. మందస వైపు తొమ్మిది మంది సీటు కోసం ఎదురుచూస్తున్నారు.

మే 31 లోపు మీ మాట తెలియజేస్తే జూన్ 15 నుంచి రెండో బండి నడుస్తుంది. ఈలోగా ఎవరైనా పలాస వస్తే ముందురోజు ఒక్క ఫోన్ చేయండి, డ్రైవర్ పక్క సీటు మీకోసం ఉంచుతాం.

ఇట్లు,
మీ ప్రాజెక్ట్ కోఆర్డినేటర్