మాడ్యూల్ 4: తరగతి గది నిర్వహణ – అభ్యసన ఫలితాలు

బి.ఎడ్. రెండో సంవత్సరం, హైదరాబాద్. కాలేజీలో 12 గంటలు, ఇంటర్న్‌షిప్ బడిలో మూడు వారాలు.

ఈ మాడ్యూల్ పాత పత్రంలో మొదటి ఫలితం ఇలా ఉండేది: "ఛాత్రోపాధ్యాయులు తరగతి గది నిర్వహణ ప్రాముఖ్యాన్ని అర్థం చేసుకుంటారు." అర్థమైందో లేదో ఎలా చూడాలి? గత ఏడాది పరిశీలనకు వెళ్లినప్పుడు, రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒకమ్మాయి ఏడో తరగతిలో 42 మందికి వీపు పెట్టి ఆరు నిమిషాలు బోర్డు మీద రాస్తూనే ఉంది. వెనక బెంచీల్లో సగం మంది లేచి నిలబడ్డారు. నిర్వహణ ప్రాముఖ్యం గురించి అడిగితే ఆమె రెండు పేజీలు రాయగలదు. బోర్డు మీద రాస్తూనే పిల్లలకేసి ఎలా తిరగాలో మేమే ఆమె చేత చేయించలేదు. అందుకే ఈసారి ప్రతి ఫలితంలోనూ క్రియాపదం కంటికి కనిపించేదో, చెవికి వినిపించేదో, కాగితం మీద చూపించగలిగేదో అయి ఉండాలని పెట్టుకున్నాం. "తెలుసుకుంటారు", "అవగాహన పొందుతారు" అనే మాటలు తీసేశాం.

మాడ్యూల్ పూర్తయ్యేసరికి ఛాత్రోపాధ్యాయులు:

ఫలితం 1. మొదటి వారం చివరికల్లా, తమకిచ్చిన తరగతిలో కనీసం 35 మందిని హాజరుపట్టీ చూడకుండా పేరు పెట్టి పిలుస్తారు. "పిల్లల పట్ల ప్రేమ కలిగి ఉంటారు" అని పాత పత్రంలో ఉన్నచోట ఇది పెట్టాం. ప్రేమకు మార్కులు వేయలేం. మూడో బెంచీలో కూర్చున్న పిల్లాణ్ని "ఏయ్ నువ్వు" అనకుండా పేరుతో పిలిచారా లేదా అన్నది మాత్రం వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది.

ఫలితం 2. పిల్లలతో చర్చించి ఐదుకు మించకుండా తరగతి నియమాలు రాయిస్తారు. ప్రతి నియమం చేయాల్సిన పనిని చెప్పాలి. "అరవకూడదు" అని రాస్తే సరిపోదు. "ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం వింటాం" అని ఉండాలి. ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు ఉన్న గదిలో చార్టు ఆ భాషల్లోనూ ఉండాలి; ఆ వాక్యాలు ఆ పిల్లలే రాయాలి.

ఫలితం 3. తమ గది కొలతలకు తగ్గట్టు సీటింగ్ పటం గీస్తారు. టీచర్ ఏ బెంచీ దగ్గరికైనా నడిచి వెళ్లే దారి పటంలో కనిపించాలి.

ఫలితం 4. ఒక పీరియడ్‌లో అడిగే పది ప్రశ్నల్లో కనీసం ఎనిమిదింటికి, ప్రశ్న వేశాక 3 సెకన్లు ఆగి, ఆ తర్వాతే పేరు పిలుస్తారు. అమెరికాలో మేరీ బడ్ రో చేసిన పరిశీలనల్లో టీచర్లు సాధారణంగా ఒక సెకను దగ్గరే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు నిడివి పెరిగాయి, "తెలీదు" అనేవాళ్లు తగ్గారు. ముందే పేరు పిలిస్తే మిగతా 41 మంది ఊపిరి పీల్చుకుని పక్కవాడితో కబుర్లు మొదలుపెడతారు. అందుకే ఈ ఫలితం బోధనకే కాదు, నిర్వహణకూ చెందుతుంది. ఫోన్‌లో ఆడియో రికార్డు చేసి, సెకన్లు మీరే లెక్కపెట్టి పట్టికలో వేయండి.

ఫలితం 5. పాఠం మధ్యలో అల్లరి మొదలైనప్పుడు పాఠం ఆపకుండా సరిదిద్దే పద్ధతులు మూడింటిని (చూపు, దగ్గరికి వెళ్లి నిలబడడం, పేరు కలిపి ప్రశ్న అడగడం) చేసి చూపిస్తారు. ఏ సందర్భంలో ఏది ఎందుకు ఎంచుకున్నారో పాఠం అయ్యాక రెండు వాక్యాల్లో సమర్థిస్తారు.

ఫలితం 6. ఇచ్చిన ఎనిమిది సంఘటనల్లో శారీరక శిక్ష, మానసిక వేధింపు కిందికి వచ్చేవాటిని గుర్తించి, ఒక్కోదానికి టీచర్ చేయాల్సిన ప్రత్యామ్నాయాన్ని రాస్తారు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ఈ రెండింటినీ నిషేధించింది. గోడకుర్చీ వేయించడం, గుంజీలు తీయించడం, "మొద్దు" అనడం మనలో చాలామందికి చిన్నప్పుడు జరిగినవే కాబట్టి చేయి అటువైపు తొందరగా పోతుంది. చట్టం చెప్పే వయసు 6 నుంచి 14 ఏళ్లు. ఈ మాడ్యూల్‌లో పదో తరగతికీ అదే గీత. ఇందులో ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా ఉండాలి, ఏడు చాలవు.

ఫలితం 7. తమ రెండు పాఠాల వీడియోలను పోల్చి, మారిన ఒక అలవాటును నిమిషం, సెకనుతో సహా చూపిస్తారు.

మూల్యాంకనం: 1, 4, 5 ఫలితాలను బడిలోని మెంటర్ టీచర్, కాలేజీ పరిశీలకులు ఒకే పీరియడ్‌లో కూర్చుని విడివిడిగా నమోదు చేస్తారు. ఇద్దరి పత్రాలూ కలవకపోతే ఆ రోజే ఛాత్రోపాధ్యాయుల ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. మిగతావి ఫైల్‌లో జతచేయాలి. ఏ ఫలితమైనా అందకపోతే మూడో వారంలో ఆ ఒక్కదానికే మళ్లీ పరిశీలన ఉంటుంది. పాఠం మొత్తం తిరిగి చెప్పనక్కర్లేదు.